దొనకొండకు దారి రెండు కవర్ల మీదుగా

దొనకొండ పేరు పత్రికలో కనిపించిన ప్రతిసారీ పక్కన ఒక పెద్ద మాట ఉంటుంది. మెగా పారిశ్రామిక పార్కు అంటారు. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో ఒక నోడ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి పాత విమానాశ్రయాన్ని మళ్లీ తెరుస్తారంటారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కొత్త రాజధాని ఎక్కడన్న చర్చలోనూ ఈ పేరు నలిగింది. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది, ప్రభుత్వ భూమి విస్తారంగా ఉంది. అయినా ప్రకటన వెలువడ్డ రోజుకూ నేల మీద మొదటి గునపం పడే రోజుకూ మధ్య ఏం జరుగుతుందో ఊళ్లోవాళ్లకు తెలిసే అవకాశం తక్కువ.

ఆ మధ్యలో జరిగేది టెండరు. అందులోనూ మొదట వచ్చేది రోడ్లు వేసే టెండరు కాదు. ఎక్కడ ఏం కట్టాలో, నీళ్లు ఎక్కడినుంచి తేవాలో, వాన పడితే నీరు ఎటు పోవాలో లెక్క తేల్చే సంస్థను ఎంచుకునే టెండరు. దాన్ని సాధారణంగా తక్కువ ధర చూసి ఇవ్వరు. మార్కులు వేసి ఇస్తారు. ఆ మార్కులు ఎలా పడతాయో, ఎక్కడ పోతాయో, చివరికి ధరతో ఎలా కలుస్తాయో ఈ కథనంలో చూద్దాం. దొనకొండ భవిష్యత్తులో పెద్ద భాగం ఆ కాగితాల్లోనే ఖాయమవుతుంది. అందుకే అది ఇక్కడివాళ్లకు తెలిసి ఉండాలని నా పట్టుదల.

ముందుగా మనకు బాగా తెలిసిన నిర్మాణ పనుల టెండరు చూద్దాం. పశ్చిమ ప్రకాశంలో వెలిగొండ గురించి తెలియనివాళ్లు ఉండరు. 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం జలాశయం పక్కన కొల్లంవాగు దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి నల్లమల కింద దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. రెండో సొరంగంలో మిగిలిన పనులకు 2019లో అప్పటి ప్రభుత్వం పాత ఒప్పందాన్ని రద్దు చేసి రివర్స్ టెండరు పిలిచింది. 553.13 కోట్లను ప్రారంభ విలువగా పెడితే మేఘా ఇంజనీరింగ్ సంస్థ 491.37 కోట్లకు పని దక్కించుకుంది. ఖజానాకు 61.76 కోట్లు మిగిలాయని ప్రభుత్వం చెప్పింది. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్న రాజకీయ వాదన చాలాకాలం నడిచింది. 2024లో వచ్చిన ప్రభుత్వం రివర్స్ టెండరింగును ఎత్తేసింది.

ఆ వాదనలోకి నేను వెళ్లను. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. ఆ టెండరులో ఎవరికీ మార్కులు వేయలేదు. సాంకేతిక కవరులో చూసేది ఒక్కటే, సంస్థకు అర్హత ఉందా లేదా అని. గతంలో ఇలాంటి పని చేసిందా, టర్నోవరు సరిపోతుందా, యంత్రాలు ఉన్నాయా, చేతిలో ఉన్న పనులు పోను ఇంకో పనిని మోసే శక్తి ఉందా. ఈ చివరి ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో 2003 నాటి టెండరు సంస్కరణల జీవో నుంచి ఒక సూత్రం ఉంది. గత ఐదేళ్లలో ఏ ఒక్క ఏడాదిలోనైనా ఎక్కువగా చేసిన పని విలువ తీసుకుంటారు. దాన్ని కొత్త పనికి పట్టే సంవత్సరాలతో గుణించి రెట్టింపు చేస్తారు. అందులోంచి అదే కాలంలో పూర్తిచేయాల్సిన పాత పనుల విలువ తీసేస్తారు. మిగిలింది టెండరు విలువకు తగ్గకూడదు. ఈ గడప దాటిన వాళ్లందరూ సమానమే. ఆ తర్వాత రెండో కవరు తెరుస్తారు, ఎవరి అంకె తక్కువైతే వాళ్లే ఎల్1. గడపను బొటాబొటిగా దాటినవాడికీ దాని మీదుగా ఎగిరి వచ్చినవాడికీ తేడా ఉండదు.

సొరంగానికి ఇది చెల్లుతుంది. ఎంత వ్యాసం, ఎంత పొడవు, లైనింగ్ ఎంత మందం అన్నది డ్రాయింగులో ముందే ఉంది. గుత్తేదారు చేయాల్సింది ఆ డ్రాయింగు ప్రకారం కట్టడం. కానీ ఆ డ్రాయింగు గీసే మనిషిని తక్కువ ధరకు వెతికితే ఏమవుతుంది? కొనేది తెలివి. దాన్ని మీటర్లలో కొలవలేం.

అందుకే కేంద్ర ఆర్థిక నిబంధనావళి 2017లోని 192వ నిబంధన ఇంకో పద్ధతి చెబుతుంది. కన్సల్టెంట్లను ఎంచుకునేటప్పుడు సాంకేతిక ప్రతిపాదనకు మార్కులు వేయాలి. కనీస మార్కులు రానివాళ్ల ధర కవరు తెరవకూడదు. వచ్చినవాళ్ల మార్కునూ ధరనూ ముందే ప్రకటించిన నిష్పత్తిలో కలిపి, మొత్తం ఎక్కువ వచ్చినవాళ్లకు పని ఇవ్వాలి. సాంకేతిక మార్కుల వాటా 80 శాతం మించకూడదు. దీన్నే అందరూ క్యూసీబీఎస్ అంటారు. రాష్ట్ర సంస్థలు కూడా కన్సల్టెంట్లకు ఈ దారినే ఎక్కువగా పట్టాయి. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ నిర్మాణ పనులకూ కొంత వెసులుబాటు ఇచ్చింది. నాణ్యతే ప్రధానమని ముందే ప్రకటించిన పనుల్లో ధరేతర అంశాలకు 30 శాతం దాకా వాటా ఇవ్వవచ్చు.

ఇక లెక్కలోకి వెళ్దాం. ఒక నమూనా టెండరు ఊహించుకుందాం. దొనకొండ పారిశ్రామిక పార్కుకు భూమి సర్వే, నీటి లభ్యత అధ్యయనం, వాననీటి పారుదల ప్రణాళిక, అంతా కలిపి ఒక సమగ్ర నివేదిక తయారుచేయాలి. మూడు సంస్థలు బరిలోకి దిగాయి. హైదరాబాద్‌ది ఒక పెద్ద సంస్థ, విజయవాడది మధ్యతరహాది, ఒంగోలుది చిన్నది. ఈ మూడూ, వాటి అంకెలూ లెక్క చూపడానికి నేను కల్పించినవి. లెక్క వేసే తీరు మాత్రం నిజం టెండర్లలో ఉండేదే.

టెండరు పత్రం వంద పేజీలకు పైన ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు దాన్ని మొదటి పేజీ నుంచి చదవరు. ముందుగా మార్కుల పట్టిక తీస్తారు. తర్వాత అర్హత షరతులు, ఆ తర్వాత ఫారాలు. చదువుతూనే ఒక కంప్లయన్స్ షీటు తయారుచేసుకుంటారు. ‘జతపరచవలెను’, ‘సంతకం చేయవలెను’, ‘లేనియెడల తిరస్కరించబడును’ అన్న ప్రతి వాక్యానికీ ఒక వరుస. దాని ఎదురుగా క్లాజు నంబరు, కావాల్సిన కాగితం, అది ఎవరి దగ్గరుంది, ఎప్పటికి వస్తుంది, చివరికి మన ప్రతిపాదనలో ఎన్నో పేజీలో పెట్టాం. చివరి గడి నిండని వరుస ఒక్కటి మిగిలినా ఫైలు అప్‌లోడ్ చేయరు.

ఈ షీటు ఎందుకంటే పరిశీలన కమిటీ మొదటి రోజు చేసేది చదవడం కాదు, టిక్కులు పెట్టడం. బిడ్ సెక్యూరిటీ ఉందా? దాని గడువు బిడ్ గడువు ముగిశాక ఇంకా 45 రోజులు నడుస్తుందా? సంతకం పెట్టిన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఉందా? టర్నోవరు పత్రం మీద చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన, అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే యూడీఐఎన్ ఉందా? ఆ నంబరును ఐసీఏఐ వెబ్‌సైటులో కొట్టి చూస్తే పత్రం నిజమో కాదో నిమిషంలో తేలిపోతుంది. సాంకేతిక కవరులో ఎక్కడైనా ధర బయటపడిందా? పొరపాటున పనివివరాల పట్టికలో రోజువారీ రేటు ఉండిపోయి బిడ్డు మొత్తం పక్కకు పోవడం ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ప్రమాదం.

ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని అడగవచ్చు. సుప్రీంకోర్టు ముందుకూ ఆ ప్రశ్న వెళ్లింది. 1991లో పోద్దార్ స్టీల్ కేసు. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ తన టెండరులో ధరావతు నగదుగా గానీ స్టేట్ బ్యాంకు డ్రాఫ్టుగా గానీ కావాలంది. ఒక బిడ్డరు యూనియన్ బ్యాంకు చెక్కు పెట్టాడు. డబ్బుకు భద్రత ఉంది కాబట్టి ఈ షరతు అనుబంధమైనదే, సంస్థ దాన్ని సడలించవచ్చు అని కోర్టు తేల్చింది. 2016లో సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ కేసు వచ్చింది. అందులో ఒక జాయింట్ వెంచర్ బ్యాంకు గ్యారంటీని టెండరు చెప్పిన నమూనాలో ఇవ్వలేదు. సంస్థ తిరస్కరించింది, కోర్టు సంస్థ పక్షానే నిలిచింది. ఏది కీలకమో నిర్ణయించుకునే హక్కు టెండరు పిలిచినవారిది, దాన్ని అందరికీ ఒకేలా అమలు చేస్తే చాలు అన్నది సారాంశం. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే బిడ్డరుకు తెలియాల్సింది తెలుస్తుంది. సడలింపు దక్కవచ్చు, కానీ దాన్ని హక్కుగా అడగలేం. బ్యాంకు మేనేజరు తన సొంత నమూనాలో గ్యారంటీ రాసిస్తానంటే ఒప్పుకోకుండా టెండరులోని పేజీని ఆయన ముందు పెట్టాలి.

గడప దాటింది. ఇప్పుడు మార్కులు. మన నమూనాలో మొత్తం 100. సంస్థ అనుభవానికి 20, పనిచేసే విధానానికి 30, కీలక నిపుణులకు 50. కనీసం 70 రావాలి. నిపుణులు ఐదుగురు. టీమ్ లీడరుకు 14 మార్కులు, మిగిలిన నలుగురికి తలా తొమ్మిది. కన్సల్టెన్సీ టెండర్లలో మనుషుల వాటా సాధారణంగా ఇలాగే పెద్దది, ఎందుకంటే నివేదిక రాసేది సంస్థ పేరుపలక కాదు, ఆ ఐదుగురు.

భూగర్భ జల నిపుణుడికి పెట్టిన తొమ్మిది మార్కులను విప్పి చూద్దాం. చదువుకు 1.8, ఇలాంటి పనులు చేసినందుకు 6.3, ఈ ప్రాంతమూ ఈ భాషా తెలిసినందుకు 0.9. ఇలాంటి పనులు ఆరు చూపిస్తే 6.3 పూర్తిగా వస్తాయి, ఒక్కోదానికి ఒకటికి కాస్త పైన. ఒంగోలు సంస్థ నిపుణుడు పశ్చిమ ప్రకాశంలో ఏళ్లుగా బోర్లు పరీక్షిస్తున్న మనిషి అనుకుందాం. ఆరు పనులూ చేశాడు. నాలుగింటికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకంతో పత్రాలున్నాయి. రెండింటికి లేవు. పని పూర్తయ్యాక ఎవరూ అడిగి తెచ్చుకోలేదు, ఆ అధికారి బదిలీ అయిపోయాడు. పత్రం లేని పని మూల్యాంకనంలో లేని పనే. 6.3 రావాల్సిన చోట 4.2 వస్తుంది, 2.1 మార్కులు పోతాయి. ఈ 2.1ని గుర్తుంచుకోండి, ముందుకెళ్లాక దీని ఖరీదు తెలుస్తుంది.

సీవీలో ఇంకా ఎక్కడ దెబ్బతగులుతుంది? తేదీల దగ్గర. ఒకే మనిషి ఒకే నెలలో రెండు ఊళ్లలో పూర్తికాలం పనిచేసినట్టు ఉంటే కమిటీలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. అదే నిపుణుడి పేరు ఇంకో సంస్థ బిడ్డులోనూ ఉంటే రెండింటికీ ఇబ్బంది. ఇంకోటి, టెండరు వాడిన మాటలు సీవీలో లేకపోవడం. టెండరు ‘పారిశ్రామిక అవసరాలకు నీటి లభ్యత అధ్యయనం’ అని అడిగితే, సీవీలో ‘వివిధ జలవనరుల పనులు’ అని ఉంటుంది. చేసింది అదే పని కావచ్చు. మూల్యాంకనం చేసేవారు ఊహించి మార్కు వేయకూడదు, వేస్తే రేపు ఇంకో బిడ్డరు కోర్టులో అడుగుతాడు.

విధానానికి పెట్టిన 30 మార్కుల దగ్గర స్థానిక జ్ఞానం పనికొస్తుంది. చాలా సంస్థలు ఇక్కడ పాత ప్రతిపాదనలోంచి పేజీలు తెచ్చి అతికిస్తాయి. వాటిలో ఊరి పేరు మారుస్తారు, నేల మారదు. పశ్చిమ ప్రకాశంలో వర్షం తక్కువ, బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా ఉంది, బోర్లు ఎండిపోయే వేసవులు మామూలు. అలాంటి చోట పరిశ్రమకు నీళ్లు ఎక్కడివి అన్నదే ప్రధాన ప్రశ్న. భూగర్భ జలమట్టాన్ని వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానల తర్వాత నవంబరులో ఒకసారి కొలిస్తేనే ఆ ఏడాది నేలలోకి ఎంత నీరు ఇంకిందో తెలుస్తుంది. టెండరు నాలుగు నెలల గడువు పెట్టి ఫిబ్రవరిలో పని మొదలుపెట్టమంటే నవంబరు కొలత దొరకదు. దీన్ని గుర్తించకుండా ‘సమగ్ర జల అధ్యయనం చేస్తాం’ అని రాసిన ప్రతిపాదనకూ, పాత పరిశీలక బావుల రికార్డులు తెచ్చి ఆ లోటు ఎలా పూడుస్తామో, ఎంతవరకు పూడ్చలేమో చెప్పిన ప్రతిపాదనకూ తేడా నిపుణుడైన మూల్యాంకనకర్తకు పేరా చదవగానే తెలుస్తుంది. ఇంకా మంచిపని, దీన్ని ప్రీబిడ్ సమావేశంలోనే రాతపూర్వకంగా అడగడం. శాఖ ఒప్పుకుంటే కరిజెండం వస్తుంది, గడువు అందరికీ మారుతుంది. బిడ్డు వేశాక ఈ మాట అంటే అది షరతులతో కూడిన బిడ్డవుతుంది.

కమిటీలో సాధారణంగా ముగ్గురికి తగ్గకుండా ఉంటారు. ఒక్కొక్కరూ విడిగా మార్కులు వేసి, తర్వాత కూర్చుని సరాసరి తీయడం మంచి పద్ధతి. ఒకరు 24, ఇంకొకరు 12 వేస్తే ఎందుకో మాట్లాడుకుని కారణం రాయాలి. ధర కవర్లు ఇంకా తెరవకముందే ఈ మార్కులు బిడ్డర్లకు తెలియజేయాలి. ఆ క్రమం తప్పితే మొత్తం వ్యవహారం అనుమానాస్పదమవుతుంది. ధర తెలిశాక వేసిన మార్కు మార్కు కాదు.

మన మూడు సంస్థల మార్కులు వచ్చాయి. హైదరాబాద్‌కు 88, విజయవాడకు 79, ఒంగోలుకు 72. ఒంగోలు నిపుణుడి ఆరు పత్రాలూ సరిగా ఉన్నాయన్నది ఈ 72కు ఆధారం. అందరూ 70 దాటారు. ఇప్పుడు రెండో కవరు. హైదరాబాద్ సంస్థ కోటీ 20 లక్షలు అడిగింది. విజయవాడ 84 లక్షలు, ఒంగోలు 60 లక్షలు.

ధరకు మార్కు వేయడం తేలిక. అందరికంటే తక్కువ ధరకు 100. మిగిలినవాళ్లకు, ఆ తక్కువ ధరను వాళ్ల ధరతో భాగించి వందతో గుణిస్తే వచ్చినంత. ఒంగోలుకు 100, విజయవాడకు 71.43, హైదరాబాద్‌కు 50. టెండరులో నిష్పత్తి 80:20 అని ఉంటే, హైదరాబాద్‌కు 88లో 80 శాతం 70.4, ధర మార్కులో 20 శాతం 10, మొత్తం 80.4. విజయవాడకు 77.49, ఒంగోలుకు 77.6. పని హైదరాబాద్‌ది. ఖజానా కోటీ 20 లక్షలు చెల్లిస్తుంది.

అవే మార్కులు, అవే ధరలు. టెండరులో ఒక్క పంక్తి మాత్రం మార్చి 70:30 అనండి. హైదరాబాద్‌కు 76.6, విజయవాడకు 76.73. ఒంగోలుకు 50.4కు 30 కలిసి 80.4. పని ఒంగోలుకు వెళ్తుంది, అదీ సగం ధరకు. మూడు సంస్థల్లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. బిడ్లు రాకముందే, ఏ ఆఫీసులోనో ముసాయిదా రాసినవారు పెట్టిన అంకె విజేతను మార్చింది. టెండరు చేతికి రాగానే ఈ లెక్కను తమ అంచనా అంకెలతో వేసుకుని, అసలు బిడ్డు వేయాలా వద్దా అని తేల్చుకోని సంస్థ నెల రోజుల శ్రమనూ బ్యాంకు గ్యారంటీ ఖర్చునూ గాలికి వదిలినట్టే.

ఇప్పుడు ఆ 2.1 దగ్గరికి వద్దాం. ఒంగోలు నిపుణుడి రెండు పత్రాలు దొరకలేదు. 72 కాస్తా 69.9 అయింది. గడప 70. ఒంగోలు ధర కవరు తెరవరు, మూసినది మూసినట్టే ఉండిపోతుంది. ఇప్పుడు తక్కువ ధర 84 లక్షలు. విజయవాడకు ధర మార్కు 71.43 నుంచి 100కు లేచింది, హైదరాబాద్‌కు 50 నుంచి 70కి. 70:30 నిష్పత్తిలో విజయవాడకు 85.3, హైదరాబాద్‌కు 82.6. పని విజయవాడది. బదిలీ అయిపోయిన ఒక ఇంజనీరు దగ్గర తీసుకోని రెండు సంతకాల వల్ల ఒంగోలు సంస్థ పని పోగొట్టుకుంది, ప్రభుత్వం 24 లక్షలు ఎక్కువ చెల్లించింది. ధర తక్కువ వేస్తారని అందరూ అనుకునే సంస్థ చుట్టూ, కనీస మార్కు దగ్గర, వివాదాలు ఎక్కువగా వచ్చేది ఇందుకే. దాన్ని లోపల ఉంచడమో బయటికి పంపడమో మిగిలిన అందరి ధర మార్కులనూ మార్చేస్తుంది. ఆ సంస్థకు 69 వేశారా 71 వేశారా అన్నచోట కమిటీ ఏం కారణం రాసిందో చూడాలి. పక్షపాతం ఉంటే అది కనబడే చోటు అది.

అదే రెండు సంస్థల పోటీని 80:20లో చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. హైదరాబాద్ 84.4, విజయవాడ 83.2. తేడా 1.2. విజయవాడ దీన్ని రెండు రకాలుగా పూడ్చవచ్చు. సాంకేతిక మార్కు ఒకటిన్నర ఎక్కువ తెచ్చుకుంటే చాలు, ఒకటిన్నరలో 80 శాతం 1.2. లేదా ధర తగ్గించాలి. ఎంత? తన ధర మార్కు ఇప్పటికే 100, అది పెరగదు. హైదరాబాద్ ధర మార్కును 70 నుంచి 64కు దింపాలి. అంటే తన ధరను 76.8 లక్షలకు, 7 లక్షల 20 వేలు కోసుకోవాలి. ఒకటిన్నర మార్కు అంటే ఒక నిపుణుడి రెండు పాత పనుల పత్రాలు. చాలామంది గడువు ముందు రోజు రాత్రి ధర మీద కూర్చుంటారు. కూర్చోవాల్సింది సీవీల మీద.

60 లక్షలకు ఆ పని నిజంగా జరుగుతుందా అన్న ప్రశ్న మిగిలింది, అది న్యాయమైన ప్రశ్న. ధర మరీ తక్కువగా ఉందనిపిస్తే కమిటీ వివరణ అడగవచ్చు. నిపుణుడు ఎన్ని రోజులు పనిచేస్తాడు, రోజుకు ఎంత, సర్వేకు ఎంత అని విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. నా అభిప్రాయం చెబుతాను. దొనకొండ లాంటి చోట నీటి లెక్క తప్పితే తర్వాత కట్టిన ప్రతిదీ ఆ తప్పు మీదే నిలబడుతుంది. కాబట్టి మార్కుల వాటా ఎక్కువగానే ఉండాలి. కానీ మొత్తం మీద కనీసం 70 అంటే సరిపోదు. ఇప్పుడున్న తీరులో నాసిరకం జల నిపుణుడిని పెద్ద సంస్థ పేరూ, టీమ్ లీడరు హోదా మోసుకుపోగలవు. కీలక నిపుణులు ఒక్కొక్కరికీ విడిగా కనీస మార్కు పెట్టాలి. అలా పెట్టవచ్చు, పెట్టకూడదన్న నిబంధన లేదు.

చిన్న సంస్థలకు ఉన్న అసలు అడ్డు మార్కులు కాదు, టర్నోవరు. ఒంగోలులోనో మార్కాపురంలోనో ఉన్న సంస్థ తను ఒంటరిగా ఆ గడప దాటలేకపోతే జాయింట్ వెంచరుగా పెద్ద సంస్థతో కలవచ్చు, టెండరు ఒప్పుకుంటే ఉపకన్సల్టెంటుగా చేరవచ్చు. జాయింట్ వెంచరులో ఎవరి వాటా ఎంత, ఎవరు ముందుండి బాధ్యత వహిస్తారు అన్న ఒప్పందం బిడ్డుతోనే పెట్టాలి. తర్వాత చూసుకుందాం అంటే కంప్లయన్స్ షీటులో ఆ వరుస ఖాళీగా మిగిలిపోతుంది.

ఒకప్పుడు టెండరు పెట్టె ఉన్న ఆఫీసు మెట్ల దగ్గరే మనుషులను నిలబెట్టి పోటీదారును లోపలికి రానివ్వని రోజులు ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నాయి. 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ మెట్లు పోయాయి. ఇప్పుడు పోటీ సర్వరు గడియారంతో. డిజిటల్ సంతకం కీ గడువు ముగిసిందేమో వారం ముందు చూసుకోవాలి, ధర నింపే ఎక్సెల్ ఫైలు పేరు మార్చకూడదు, గడువు రోజు సాయంత్రం కాకుండా ముందు రోజే అప్‌లోడ్ చేసి రసీదు తీసుకోవాలి. పోర్టల్ ఆ రోజు నెమ్మదించిందన్న వాదనను కోర్టులో గెలిపించుకోవడం చాలా కష్టం.

ఓడిన సంస్థ చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది చేయరు. తమ మార్కులు ఏ అంశంలో ఎంత వచ్చాయో రాతపూర్వకంగా అడగాలి. పని అప్పగింత పూర్తయ్యాక సంస్థ మనిషి ఎవరైనా తన పేరుతో సమాచార హక్కు చట్టం కింద మూల్యాంకన పత్రాలకు దరఖాస్తు పెట్టవచ్చు. ఇతరుల వాణిజ్య రహస్యమని కొన్ని పేజీలు ఇవ్వకపోవచ్చు, కానీ తమ మార్కుల పట్టికను దాచాల్సిన అవసరం పెద్దగా ఉండదు. ఈ హక్కు బిడ్డర్లకే కాదు, దొనకొండ పౌరులకూ ఉంది.

పౌరులు అడగదగ్గది ఇంకొకటి కూడా ఉంది. గెలిచిన సంస్థ సాంకేతిక ప్రతిపాదన ఒప్పందంలో భాగమవుతుంది. మార్కులు తెచ్చిన ఆ ఐదుగురి పేర్లూ అందులో ఉంటాయి. వాళ్లలో ఒకరిని మార్చాలంటే సమానమైన లేదా మెరుగైన అర్హత ఉన్నవారిని చూపి శాఖ అనుమతి తీసుకోవాలి. పేరున్న నిపుణుడితో మార్కులు తెచ్చుకుని, పని మొదలయ్యాక ఇంకొకరిని పంపడం ఈ రంగంలో పాత జబ్బు. రేపు దొనకొండకు నీటి అధ్యయనం పేరుతో బృందం వస్తే, టెండరులో రాసిన జల నిపుణుడి పేరేమిటో, ఆ వచ్చినవాళ్లలో ఆయన ఉన్నారో లేదో పంచాయతీ ఆఫీసులో అడగవచ్చు. మే నెల కొలత తీశారా, నవంబరు కొలతకు మళ్లీ ఎప్పుడొస్తారు అని కూడా అడగవచ్చు. జవాబు ఆ ప్రతిపాదనలో, విధానానికి 30 మార్కులు పెట్టిన భాగంలో, పేజీ నంబరుతో సహా ఉండి తీరాలి.